రెండు మానిటర్లు, ఒక ల్యాప్‌టాప్: పిక్సెళ్ల లెక్క, కంటి లెక్క

ల్యాప్‌టాప్‌కి రెండు మానిటర్లు తగిలించుకున్నవాళ్ల దగ్గర వినిపించే ఫిర్యాదులు దాదాపు ఎప్పుడూ ఇవే. రెండో మానిటర్‌లో కూడా మొదటిదాని బొమ్మే వస్తోంది. పెద్ద మానిటర్ మీద మౌస్ ఆగి ఆగి కదులుతోంది. ఒక తెర మీద అక్షరాలు మరీ చిన్నవిగా, పక్క తెర మీద మరీ పెద్దవిగా ఉన్నాయి. మౌస్ బాణం ఒక తెర నుంచి ఇంకో తెరకు వెళ్లబోయి మధ్యలో ఆగిపోతోంది. మొదటి రెండూ పోర్టులకు, కేబుళ్లకు సంబంధించినవి. మూడోది స్కేలింగ్‌ది, నాలుగోది తెరల అమరికది. ఈ చివరి రెండిటి మూలం మాత్రం ఒక్కటే. కంప్యూటర్ తెరను పిక్సెళ్లలో కొలుస్తుంది, మన కన్ను అంగుళాల్లో కొలుస్తుంది. ఈ రెండు కొలతల మధ్య తేడా తెలిస్తే సెట్టింగుల్లో ఏది ఎందుకు మార్చాలో దానంతటదే అర్థమవుతుంది.

మాట గాలిలో తేలిపోకుండా ఒక బల్లను ఎదురుగా పెట్టుకుందాం. విజయవాడలో అనువాదం, డీటీపీ పనులు చేసే ఒకరి బల్ల అనుకోండి. 14 అంగుళాల విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంది, దాని తెర 1920×1080. కొత్తగా కొన్న 27 అంగుళాల 4కే మానిటర్ ఉంది, అంటే 3840×2160. పాత డెస్క్‌టాప్‌కి వాడిన 24 అంగుళాల 1920×1080 మానిటర్ కూడా ఉంది. ల్యాప్‌టాప్‌కి ఒక హెచ్‌డీఎంఐ పోర్టు, ఒక యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్నాయి. మన ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో తరచుగా కనిపించే జత ఇదే: ఒకటి కొత్తది, ఒకటి పాతది. ఒకే రకం మానిటర్లు రెండు కొనుక్కున్నవాళ్లకు అసలు ఈ తలనొప్పుల్లో సగం ఉండవు.

మొదట పోర్టుల సంగతి. యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్నంత మాత్రాన దానిలోంచి బొమ్మ వస్తుందని కాదు. ఆ పోర్టు డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్ని కూడా పంపగలగాలి. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తుగానీ థండర్‌బోల్ట్ మెరుపు గుర్తుగానీ ఉంటే సందేహం లేదు. ఏ గుర్తూ లేకపోతే ఆ మోడల్ వివరాల పట్టికలో చూసి తేల్చుకోవాలి. చాలా చవక ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు డేటాకే పనికొస్తుంది, బొమ్మకు రాదు. కేబుల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఫోన్ చార్జర్‌తో వచ్చే సీ-టు-సీ కేబుళ్లలో చాలావాటిలో వేగంగా డేటా మోసే తీగలే ఉండవు కాబట్టి వాటిలో బొమ్మ వెళ్లదు. పోర్టుకీ కేబుల్‌కీ కుదరనప్పుడు విండోస్ కొన్నిసార్లు `Display connection might be limited` అని చెబుతుంది. ఆ మాట కనిపిస్తే మానిటర్‌ని అనుమానించకుండా ముందు కేబుల్ మార్చి చూడాలి.

మన బల్ల దగ్గర సహజంగా జరిగే పొరపాటు ఏమిటంటే, కొత్త 4కే మానిటర్ పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ వచ్చింది గనుక దాన్నే ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించడం. బొమ్మ వస్తుంది, స్పష్టంగానే ఉంటుంది, కానీ మౌస్ కదలిక తెగి తెగి ఉంటుంది. కారణం ఏమిటంటే, 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణం 4కే బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. 2013 నాటి 2.0తోనే అది 60కి చేరింది. ఆ తర్వాత తయారైన ల్యాప్‌టాప్‌లలో కూడా పాత 1.4 పోర్టు పెట్టినవి ఉన్నాయి. మనకు ఏది దక్కిందో చూడటానికి `Settings > System > Display > Advanced display` తెరిచి, పైన ఆ మానిటర్‌ని ఎంచుకుంటే చాలు. అక్కడ 30 హెర్ట్జ్ అని ఉంటే తప్పు పోర్టులో తగిలించామన్నమాట. అందుకని 4కే మానిటర్‌ని యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లే కేబుల్‌తో కలపాలి. పాత 24 అంగుళాలది హెచ్‌డీఎంఐకి వెళ్లాలి. దానికి 1.4 పోర్టే ఎక్కువ.

ఇక్కడ ఇంకో మాట చెప్పుకోవాలి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుళ్లు మామూలుగా ఒకే దిక్కుకు పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉండాలి. అదే కేబుల్‌ని తిప్పి, ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కు వేస్తే ఏమీ రాదు. రెండు కొసలూ చక్కగా సరిపోతాయి కాబట్టి చాలామంది మానిటర్ పాడైందనుకుని తిరిగి పంపించేస్తారు.

బొమ్మ పంపగలిగే పోర్టు ఒక్కటే ఉంటే ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. దుకాణంలో అడిగితే తరచుగా హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ చేతిలో పెడతారు. అది వచ్చిన బొమ్మను జిరాక్స్ తీసినట్టు రెండు తెరలకూ ఇస్తుంది, అంతకు మించి చేయలేదు. పెళ్లి మండపంలో రెండు టీవీలకు ఒకే వీడియో వెళ్లాలంటే అది సరైన వస్తువే. రెండు తెరల మీద రెండు వేర్వేరు పనులు కావాలనుకునేవాళ్లకు దానితో ఉపయోగం లేదు. దీన్ని కనిపెట్టడం తేలిక. `Settings > System > Display` పైభాగంలో అంకెలు వేసిన పెట్టెలు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌కి ఒకటి, మానిటర్లకు రెండు, మొత్తం మూడు అంకెలు ఉండాలి. రెండే ఉంటే విండోస్ దృష్టిలో బయట ఉన్నది ఒక్క మానిటరే. Win + P నొక్కి Extend ఎన్నిసార్లు ఎంచుకున్నా రెండో బొమ్మ పుట్టదు. మూడు అంకెలు ఉండి కూడా ఒకే బొమ్మ వస్తోందంటే మాత్రం ఆ Win + P తోనే సరిపోతుంది.

ఒక్క పోర్టు నుంచి నిజంగా రెండు వేర్వేరు బొమ్మలు రావడానికి మూడు దారులున్నాయి. మొదటిది ఎంఎస్‌టీ అనే పద్ధతి. డిస్‌ప్లేపోర్ట్ 1.2తో 2010లో వచ్చింది. ఒకే తీగలో రెండు మూడు తెరల బొమ్మలను కలిపి పంపి, చివర్లో విడదీస్తుంది. రెండు హెచ్‌డీఎంఐలున్న మామూలు డాక్‌లు చాలావరకు దీని మీదే నడుస్తాయి. కొన్ని మానిటర్లలో వెనుక డిస్‌ప్లేపోర్ట్ అవుట్ కూడా ఉంటుంది, దాని నుంచి రెండో మానిటర్‌కి గొలుసుగా కలుపుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే దారి వెడల్పు ఒకటే, దాన్ని రెండు తెరలూ పంచుకోవాలి. యూఎస్‌బీ-సీ డాక్‌లో వేగవంతమైన యూఎస్‌బీ డేటా కూడా నడుస్తుంటే బొమ్మకు నాలుగు వరుసల్లో రెండే మిగులుతాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఆ రెండు వరుసల్లో సెకనుకు సుమారు 8.6 గిగాబిట్లు పడతాయి. 60 హెర్ట్జ్ దగ్గర 1920×1080 తెర ఒక్కోదానికి సుమారు మూడున్నర గిగాబిట్లు కావాలి కాబట్టి అలాంటివి రెండు హాయిగా నడుస్తాయి. 4కేకి ఒక్కదానికే పన్నెండున్నర దాటుతుంది. అందుకే డాక్ మీద '4కే' అని రాసి ఉన్నా మన 27 అంగుళాలది 30 హెర్ట్జ్‌కి పడిపోతుంది. డాక్ కొనేటప్పుడు ఒక్కో పోర్టు సామర్థ్యం ఎంత అని అడిగితే సరిపోదు. రెండు మానిటర్లూ ఒకేసారి తగిలిస్తే ఒక్కోదానికి ఎంత వస్తుందో అడగాలి.

రెండో దారి థండర్‌బోల్ట్ డాక్. వెడల్పు ఎక్కువ, ఇబ్బందులు తక్కువ, ధర మాత్రం చాలా ఎక్కువ. మూడోది డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్న డాక్. ఇది బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది కాబట్టి బొమ్మ పంపలేని పోర్టు నుంచి కూడా పనిచేస్తుంది. బదులుగా ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది, డ్రైవర్ కావాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మన ఇష్టానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వకపోతే అక్కడే ఆగిపోతుంది. రాత, లెక్కలు, బ్రౌజర్ వంటి పనులకు ఇది బాగానే ఉంటుంది. వీడియో ఎడిటింగ్‌కి నేను సిఫార్సు చేయను. ఏది ఏమైనా ల్యాప్‌టాప్‌లోనే బొమ్మ పంపే పోర్టులు రెండు ఉంటే, ఒక్కో మానిటర్‌కి ఒక్కో పోర్టు ఇవ్వడం కంటే మంచి దారి లేదు. డాక్‌లు ఆ అవకాశం లేనప్పుడే.

మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. మ్యాక్‌ఓఎస్ ఎంఎస్‌టీతో రెండు వేర్వేరు తెరలను నడపదు. విండోస్‌లో చక్కగా నడిచిన డాకే మ్యాక్‌లో రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది. పైగా ఎం1, ఎం2 చిప్పుల మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయట ఒక్క మానిటర్‌నే నడుపుతాయి. ఎం3 ఎయిర్ మూత మూసి ఉంచితే రెండు నడుపుతుంది. ఎం4 నుంచి మూత తెరిచి ఉన్నా రెండు నడుస్తాయి. పాతవాటికి ఉన్న దారి డిస్‌ప్లేలింకే.

ఇక అక్షరాల సైజు. మన బల్ల మీద రెండు మానిటర్లూ ఇప్పుడు 60 హెర్ట్జ్‌లో వెలుగుతున్నాయి. అక్షరాలు చిన్నగా ఉన్నాయని వెంటనే రిజల్యూషన్ తగ్గించేవాళ్లు ఉన్నారు. అది మాత్రం చేయకూడదు. `Display resolution` ఎప్పుడూ `Recommended` అని రాసి ఉన్నదాని మీదే ఉండాలి. తెరలో ఉన్న అసలు పిక్సెళ్ల సంఖ్య అదే. అంతకు తగ్గిస్తే ఒక చుక్క రెండు మూడు చుక్కల మీదికి పరుచుకుని అక్షరాలు మసకబారతాయి. సైజు మార్చడానికి ఉన్నది `Scale`, అంటే స్కేలింగ్. అది చుక్కల సంఖ్యను ముట్టుకోదు, ఒక్కో అక్షరానికి ఎక్కువ చుక్కలు కేటాయిస్తుంది.

ఎంత స్కేలింగ్ పెట్టాలన్నది అంచనాతో కాకుండా లెక్కతో తేల్చవచ్చు. ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూడాలి. మన 24 అంగుళాల మానిటర్‌లో అంగుళానికి 92. 27 అంగుళాల 4కేలో 163. ల్యాప్‌టాప్ తెరలో 157. స్కేలింగ్ శాతంతో వీటిని భాగిస్తే కంటికి అందే సాంద్రత వస్తుంది. ఆ అంకెలు దగ్గరగా ఉంటే రెండు తెరల మీదా అక్షరాలు ఒకే సైజులో కనిపిస్తాయి. పాత మానిటర్ 100 శాతంలో 92 దగ్గర ఉంది. కొత్తదానికి విండోస్ మామూలుగా 150 శాతం సూచిస్తుంది, అప్పుడు 163 కాస్తా 109 అవుతుంది. అంటే పక్క తెరతో పోలిస్తే అక్షరాలు ఆరో వంతు చిన్నవి. 175 శాతం పెడితే 93 అవుతుంది. ఇప్పుడు ఒక పేజీని ఒక మానిటర్ నుంచి ఇంకోదానికి లాగితే సైజు మారినట్టే అనిపించదు. దీనికి చెల్లించే ధర ఏమిటంటే తెర మీద పట్టే సరుకు తగ్గుతుంది. 150 శాతంలో 2560×1440 తెరలో పట్టినంత పడుతుంది, 175లో సుమారు 2194×1234 తెరలో పట్టినంతే. ఎక్సెల్ షీట్లతో రోజంతా గడిపేవారు 150 దగ్గరే ఉండటం సబబు. ఈ బల్ల దగ్గర మూలం ఒక తెర మీద, అనువాదం ఇంకో తెర మీద పెట్టుకుని చూపు అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి కాబట్టి నేను 175నే ఎంచుకుంటాను. ల్యాప్‌టాప్ తెర 150 శాతంలో 105 దగ్గర ఉంటుంది. లెక్కకు అక్షరం కొంచెం చిన్నదే అయినా అది కంటికి మిగతా రెండిటికంటే దగ్గరగా ఉంటుంది గనుక సరిపోతుంది.

తెలుగు చదివేవాళ్లకు ఇందులో ఇంకో కోణం ఉంది. ఒక వరుసలోనే అక్షరం, గుణింతం, కింద వత్తు ఇమడాలి కాబట్టి ఇంగ్లిష్ స్పష్టంగా కనిపించే సైజులోనే తెలుగు వత్తులు కలిసిపోతాయి. అంగుళానికి 92 పిక్సెళ్ల తెర మీద 'రాష్ట్రం', 'లక్ష్మి' వంటి మాటల్లో కింది వత్తు ఏదో ఊహించుకోవాల్సి వస్తుంది. 163 పిక్సెళ్ల తెర మీద అదే సైజు అక్షరానికి దాదాపు మూడింతల చుక్కలు దొరుకుతాయి. అందుకే ప్రూఫు దిద్దే పని కొత్త మానిటర్ మీద పెట్టుకోవాలి. బ్రౌజర్‌లో తెలుగు ఒక్కటే చిన్నగా అనిపిస్తే మొత్తం స్కేలింగ్ మార్చనక్కర్లేదు, ఆ సైటు వరకు Ctrl నొక్కి + కొడితే చాలు.

అలాగని పాత మానిటర్ పనికిరానిదేమీ కాదు. మన దగ్గర డీటీపీ పనుల్లో ఇంకా నడుస్తున్న పేజ్‌మేకర్ 7 వంటి ప్రోగ్రాంలు 2001 నాటివి. ఒక్కో తెరకు ఒక్కో స్కేలింగ్ అన్నది విండోస్‌లోకి 8.1తో, 2013లో గానీ రాలేదు. పాత ప్రోగ్రాంకి స్కేలింగ్ సంగతే తెలియదు. అది 100 శాతం అనుకుని గీసుకుంటుంది, ఆ బొమ్మను విండోస్ 175 శాతానికి సాగదీస్తుంది. అందుకే మెనూలు, అక్షరాలు అన్నీ పొగమంచులో ఉన్నట్టు మసకగా కనిపిస్తాయి. ప్రోగ్రాం ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి `Properties > Compatibility > Change high DPI settings` లోకి వెళ్లి, `Override high DPI scaling behavior` దగ్గర `Application` అని పెడితే మసక పోతుంది గానీ, 4కే తెర మీద మెనూలు చదవలేనంత చిన్నవైపోతాయి. `System (Enhanced)` కొన్ని ప్రోగ్రాంలకు బాగా కుదురుతుంది, కొన్నిటికి అసలు తేడా చూపదు. అన్నిటికంటే సులువైన మందు ఆ ప్రోగ్రాంని 100 శాతం ఉన్న 24 అంగుళాల మానిటర్ మీద తెరవడం. అక్కడ సాగదీత ఉండదు కాబట్టి ఎప్పటిలాగే పదునుగా కనిపిస్తుంది. కాబట్టి పాత సాఫ్ట్‌వేర్ పాత తెర మీద, చదివే పని కొత్త తెర మీద ఉండాలి. ఈ పని విభజన కుదిరితే స్కేలింగ్ గొడవలు చాలావరకు సద్దుమణుగుతాయి.

కొన్ని ప్రోగ్రాంలు విండోస్‌లోకి లాగిన్ అయినప్పుడు ముఖ్య తెరకు ఉన్న స్కేలింగ్‌నే చివరిదాకా పట్టుకుని ఉంటాయి. అందుకని `Make this my main display` మార్చినా, స్కేలింగ్ మార్చినా, ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వచ్చాకే ఫలితం మీద తీర్పు చెప్పాలి. లేకపోతే బాగైపోయినదాన్ని కూడా బాగు కాలేదనుకుని ఇంకా మారుస్తూ పోతాం.

మిగిలింది అమరిక. ఇక్కడే పిక్సెళ్లకీ అంగుళాలకీ మధ్య తగువు కళ్లకు కడుతుంది. `Identify` నొక్కితే ఒక్కో తెర మీద దాని అంకె కనిపిస్తుంది. ఆ అంకెలున్న పెట్టెలను మౌస్‌తో పట్టుకుని, బల్ల మీద మానిటర్లు ఏ వరుసలో ఉన్నాయో అలాగే పేర్చాలి. అంతవరకు అందరూ చేస్తారు. కానీ మన 27 అంగుళాల తెర ఎత్తు 33.6 సెంటీమీటర్లు, 24 అంగుళాలది 29.9. బల్ల మీద రెండూ దాదాపు సమానంగానే ఉన్నాయి. సెట్టింగుల్లో మాత్రం 4కే పెట్టె రెండింతల ఎత్తు ఉంటుంది, ఎందుకంటే అక్కడ కొలత 2160, 1080 పిక్సెళ్లది. రెండు పెట్టెలనూ మధ్యకు మధ్య కలిపి పెడితే 4కే తెర అంచులో మధ్య సగమే పక్క తెరకు ఆనుకుని ఉంటుంది. పై పావు నుంచిగానీ కింది పావు నుంచిగానీ పక్క తెరకు వెళ్లబోతే మౌస్ ఆగిపోతుంది.

విండోస్ 11లో `Multiple displays` కింద `Ease cursor movement between displays` అని ఒక గడి ఉంది. దానికి టిక్కు పెడితే అలా ఆగిపోవడం పోతుంది. అయితే దాటేటప్పుడు ఎత్తు మారడం మాత్రం పోదు. 4కే తెర మీద ఆ మధ్య సగం ఎత్తు 16.8 సెంటీమీటర్లే, అదే పక్క తెర మీద మొత్తం 29.9 సెంటీమీటర్లు. సరిగ్గా మధ్యలో దాటితే బాణం ఉన్న ఎత్తులోనే ఉంటుంది. ఆ సగం కింది కొస దగ్గర దాటితే పక్క తెర మీద ఆరున్నర సెంటీమీటర్లు కిందికి జారి కనిపిస్తుంది. బాణం ఎక్కడికి పోయిందని వెతుక్కోవడానికి కారణం ఇదే. అందుకని పెట్టెలను ఎలా కలపాలన్నది మనం ఎక్కువగా ఎక్కడ దాటుతామో దాన్ని బట్టి ఉండాలి. విండోలను పై పట్టీతో పట్టుకుని లాగే అలవాటు ఉన్నవారు పై అంచులు కలపాలి. టాస్క్‌బార్ దగ్గర ఎక్కువ తిరిగేవారు కింది అంచులు కలపాలి. లాగడమే ఇబ్బందైతే Win + Shift పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే విండో నేరుగా పక్క తెరకు వెళ్తుంది. రెండు తెరల మధ్యలో సగం సగం ఉన్న విండో ఒకవైపు పెద్దగానో చిన్నగానో కనిపించడం లోపం కాదు. సగానికి పైగా దాటగానే కొత్త తెర సైజుకు సర్దుకుంటుంది.

మ్యాక్‌ఓఎస్, ఉబుంటులోని వేలాండ్ ఈ పెట్టెలను స్కేలింగ్ తర్వాతి కొలతతో గీస్తాయి కాబట్టి అక్కడ స్కేలింగ్ సరిగ్గా కుదిరితే అమరిక కూడా చాలావరకు కుదురుతుంది. ఉబుంటులో పాత ఎక్స్11 సెషన్‌లో మాత్రం ఒక్కో తెరకు ఒక్కో శాతం ఇవ్వడం కష్టం. ఇలాంటి కలగాపులగం జత ఉంటే వేలాండ్‌లోనే లాగిన్ కావాలి.

పాత మానిటర్‌ని నిలువుగా తిప్పుకుని పొడవాటి పేజీలు చదవాలనుకుంటే `Display orientation` లో `Portrait` పెట్టాలి. విండోస్ అక్షరాలను నునుపు చేసే క్లియర్‌టైప్ పద్ధతి, తెరలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు పక్కపక్కన ఉన్నాయన్న లెక్కతో పనిచేస్తుంది. తెర నిలువుగా తిరిగితే ఆ గీతలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, అక్షరాల అంచుల్లో రంగు కనిపిస్తుంది. 92 పిక్సెళ్ల తెర మీద ఇది బాగా తెలుస్తుంది, 163 మీద దాదాపు తెలియదు. నిలువుగా తిప్పుకోవాలంటే 4కేనే తిప్పుకోవడం మేలు.

చివరగా కరెంటు. మానిటర్లకు యూపీఎస్ లేని చోట ఒక్క క్షణం కరెంటు పోయి వచ్చినా ల్యాప్‌టాప్‌కి అది మానిటర్ ఊడిపోయినట్టే. మూడు తెరల మీద సర్దుకున్న విండోలన్నీ ఒక్కసారిగా 14 అంగుళాల తెర మీదికి వచ్చి పడతాయి. అదే `Multiple displays` కింద `Remember window locations based on monitor connection` కు టిక్కు ఉంటే, మానిటర్లు తిరిగి వెలిగాక విండోలు చాలావరకు ఎక్కడివి అక్కడికి వెళ్తాయి. దాని కిందే ఉన్న `Minimize windows when a monitor is disconnected` కూడా పెట్టుకుంటే, కరెంటు లేనప్పుడు అవి ల్యాప్‌టాప్ తెరను కమ్మేయకుండా కింద టాస్క్‌బార్‌లో ఉంటాయి. పాత పేజ్‌మేకర్ లాంటివి తిరిగి వెళ్లకపోతే Win + Shift + బాణం ఉండనే ఉంది.